కృతజ్ఞతలు, అనుబంధాల జాబితా: పర్లాకిమిడి బావి నీటి కఠినత్వం

కృతజ్ఞతలు

ఈ నివేదికలోని టైట్రేషన్లన్నీ మేమిద్దరమే చేశాం. పరికరాలు మాత్రం మా ఇద్దరివే కావు. బ్యాలెన్స్‌ను, బ్యూరెట్లను ద్వితీయ సంవత్సరం వారితో వంతులవారీగా వాడుకున్నాం. తమ పీరియడ్‌లో సగం సమయం రెండుసార్లు మాకు వదిలిపెట్టారు. పీహెచ్ మీటరు వృక్షశాస్త్ర విభాగానిది. అరువు తెచ్చిన ప్రతిసారీ రిజిస్టరులో సంతకం చేశాం.

మా రసాయనశాస్త్రం మాస్టారు మా లెక్కల జోలికి రాలేదు, కానీ ఒక చిక్కు విప్పారు. కాల్షియం కార్బొనేట్ ద్రావణంతో ఈడీటీఏ గాఢత నిర్ధారిస్తున్నప్పుడు రంగు ఎరుపు నుంచి నీలానికి ఒక్కసారిగా మారకుండా ఊదా దగ్గరే నసుగుతూ ఉండిపోయింది. మెగ్నీషియం లేకపోతే ఎరియోక్రోమ్ బ్లాక్ టీ ఇలాగే చేస్తుందని చెప్పి, బఫర్‌లో కొద్దిగా మెగ్నీషియం-ఈడీటీఏ కలపమన్నారు. ఆ మాట లేకపోతే మా అంత్యస్థానాలన్నీ ఊహలే అయ్యేవి. బ్లాంక్ తీయమని గుర్తుచేసిందీ ఆయనే.

ల్యాబ్ అటెండరుగారు సీసాలపై ఒడియాలో, మేము తెలుగులో పేర్లు రాశాం. రెండో రోజుకే ఏది ఏ బావిదో తికమకపడి, బీ1 నుంచి బీ5 వరకు సంకేతాలు పెట్టుకున్నాం. ఆరోది, ఎన్1, మహేంద్రతనయ నది నీరు. బావుల యజమానులు తాము తోడుకునే చేదలే మా చేతికిచ్చారు. వారికి నమస్కారాలు. లోపాలేమైనా ఉంటే అవి మావే.

అనుబంధాలు

అనుబంధం 1: సంకేతాల పట్టిక. ఇళ్ల పేర్లు తీసేసి వీధులు మాత్రమే ఉంచాం.

అనుబంధం 2: `hardness_raw.csv`. ముడి రీడింగులు, 19 వరుసలు. ఆరు నమూనాలకు మూడేసి చొప్పున లెక్కలోకి తీసుకున్నవి 18. మిగిలినది బీ3 మొదటి రీడింగు, 21.9 మి.లీ.; బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉండిపోయి మధ్యలో బయటికొచ్చింది. తర్వాతి మూడూ 20.6, 20.5, 20.6. తప్పు రీడింగును తుడిచేయకుండా కారణం రాసి ఉంచాం.

అనుబంధం 3: `hardness_calc.xlsx`. 0.01 మోలార్ ఈడీటీఏ, 50 మి.లీ. నమూనా. ఫలితం లీటరుకు మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌గా, V టైట్రేషన్ రీడింగు, B బ్లాంక్ (0.1 మి.లీ.).

```
H = (V - B) * 0.01 * 100 * 1000 / 50
```

బీ3కి సగటున సుమారు 409 వచ్చింది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం ఆమోదయోగ్య పరిమితి 200, వేరే నీటి వనరు లేనప్పుడు 600.

అనుబంధం 4: ద్రావణాల తయారీ, తూకాలు.

అనుబంధం 5: పరికరాల రిజిస్టరు పుటల ఫొటోలు, మూడు. రెండో ఫొటోలో ఉన్న మరక ఇండికేటరుది.