కంప్యూటర్ తేదీ తప్పినప్పుడు: పాత ఎర్రర్‌కి బదులు కొత్త మెసేజ్

తమ్ముడూ,

బిల్లింగ్ యాప్‌లో సర్టిఫికెట్ ఎర్రర్‌కి తెలుగు మెసేజ్ కావాలన్నావు కదా, ఇదిగో. కన్నడంలో రాసే అమ్మాయికి కూడా ఇదే పంపుతున్నాను. గీత పక్కన ఉన్నదంతా స్క్రీన్ మీదికి, అక్షరం మార్చకు. మిగతాది నీకు.

ఇప్పుడు జనానికి కనిపిస్తున్నది ఇది:

```
tls: failed to verify certificate: x509: certificate
has expired or is not yet valid: current time
2015-01-01T00:09:41+05:30 is before 2025-10-06T00:00:00Z
```

18వ తేదీ మంగళవారం బెంగళూరు మారతహళ్లిలో ఆంధ్రా మెస్ నడిపే ఒకాయనకు ఇది వచ్చింది. ఆయన సొంతూరు కావలి. మధ్యాహ్నం పన్నెండింటికి కౌంటర్ స్విచ్ వేసి మొదటి టోకెన్ కొట్టబోతే ఈ పెట్టె. ఆయనకు ఇంగ్లీషు రాదని కాదు. చదివాడు. చదివి, తనకు తెలిసిన రెండు మాటలు పట్టుకున్నాడు: సర్టిఫికెట్, ఎక్స్‌పైర్డ్. గోడకు ఫ్రేము కట్టించి పెట్టిన ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ దించి తేదీ చూశాడు. దానికింకా గడువుంది. అయితే జీఎస్టీది అయ్యుంటుందని ఆడిటర్‌కి ఫోన్ చేశాడు. ఆడిటర్ భోజనంలో ఉన్నాడు. ఈలోగా క్యూ వాకిలి దాటి ఫుట్‌పాత్ మీదికి పోయింది.

మన సపోర్ట్‌కి ఫోన్ వచ్చేసరికి ఒంటిగంటన్నర. మనవాడు అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, స్క్రీన్ కింద కుడి మూలన తేదీ ఎంతుందో చూస్తారా?" అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత, "ఇదేందబ్బా, రెండువేల పదిహేను అంటుంది!"

మన మెసేజ్‌లో కూడా ఆ 2015 ఉంది, చూడు. మూడో లైన్‌లో, ఎవరి కంటికీ ఆనకుండా. మన సర్వర్ సర్టిఫికెట్ చెల్లేది 2025 అక్టోబర్ 6 నుంచి, 2015లో ఉన్న గడియారం దాన్ని ఒప్పుకోదు. నేను చేసిందల్లా దాన్ని పైకి తేవడమే.

> ఈ కంప్యూటర్‌లో తేదీ తప్పుగా ఉంది
>
> ఇవాళ 1 జనవరి 2015, గురువారం అని చూపిస్తోంది. అందుకే బిల్లింగ్ ఆగింది. ఇంతకుముందు కొట్టిన బిల్లులన్నీ భద్రంగా ఉన్నాయి.
>
> తేదీ సరిచేస్తే చాలు, రెండు నిమిషాల పని. సరిచేయగానే ఈ పెట్టె దానంతటదే పోతుంది. అంతవరకు బిల్లులు చేత్తో రాసుకోండి.
>
> మొదటి బటన్: తేదీ సరిచేస్తాను
>
> రెండో బటన్: సపోర్ట్ నంబర్ చూపించు
>
> సపోర్ట్ వాళ్లు అడిగితే "తేదీ 1" అని చెప్పండి.

ఇందులో తేదీ, వారం ఆ కంప్యూటర్ గడియారంలోంచే తీసుకుని చూపించాలి. ఆయన కళ్లతో చూసి "ఛ, ఇవాళ గురువారం కాదే" అనుకోవాలి. ఆ మాట అనుకున్నాడంటే సగం పని అయినట్టే.

"బిల్లులు భద్రంగా ఉన్నాయి" అన్న ముక్క ధైర్యం చెప్పడానికి రాయలేదు. బిల్లు ముందు అదే కంప్యూటర్‌లో సేవ్ అవుతుందని, పైకి పంపడం తర్వాతే జరుగుతుందని నువ్వు చూపించాకే రాశాను. రేపెప్పుడైనా ఆ పద్ధతి మారిస్తే ఆ వాక్యం తీసెయ్. అబద్ధం చెప్పే మెసేజ్ కంటే అర్థం కాని మెసేజే నయం.

తేదీ తప్పైతే బిల్లింగ్ పూర్తిగా ఆపాలా అని మీటింగ్‌లో వాదన జరిగింది కదా. ఆపాల్సిందే. జీఎస్టీ వచ్చిందే 2017 జూలై 1న. 2015 తేదీతో జీఎస్టీ బిల్లు అచ్చేసి ఇస్తే ఆ మెస్ ఆయన ఆడిటర్‌కి ఏం చెప్పుకుంటాడు?

"మళ్లీ ప్రయత్నించండి" తీసేశాను. అదే తేదీతో వందసార్లు నొక్కినా వచ్చేది అదే. "కనెక్షన్ సమస్య" కూడా వద్దు. ఆ మాట వినగానే రౌటర్ పీకి మళ్లీ పెడతారు, నెట్ వాడికి ఫోన్ చేసి తిడతారు. సర్వర్, సర్టిఫికెట్ అన్న మాటలు ఎక్కడా లేవు, ఎవరూ మళ్లీ చేర్చకుండా చూడు.

రెండో బటన్ గురించి ఒక మాట. మొదట "మాకు ఫోన్ చేయమని చెప్పండి" అని రాశాను, నొక్కితే మనవాళ్లే తిరిగి కాల్ చేసేలా. రాసి పడుకున్నాక వెలిగింది: ఆ రిక్వెస్ట్ కూడా ఇదే దారిన మన సర్వర్‌కి పోవాలి కదా. తేదీ తప్పైనప్పుడు ఆ దారే మూసుకుపోయింది. ఆయన బటన్ నొక్కి, ఎప్పటికీ రాని ఫోన్ కోసం చూస్తూ కూర్చుంటాడు. అందుకని నంబర్ యాప్‌లోనే ఉండాలి, నెట్‌లోంచి తేకూడదు.

మొదటి బటన్ నొక్కితే విండోస్ తేదీ పేజీ నేరుగా తెరుచుకోవాలి. సెట్టింగ్స్ ఎక్కడుందో వెతికించొద్దు.

```
start ms-settings:dateandtime
```

ఆ పేజీ తెరుచుకుంటే మన యాప్ వెనక్కి పోతుంది, చెప్పేది కనిపించదు. కాబట్టి కిందిది ఎడమ పక్కన సన్నని పట్టీగా, అన్నిటికంటే పైన నిలబడాలి. బటన్ల పేర్లు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచాను, స్క్రీన్ మీద ఆయనకు కనిపించేవి అవే కాబట్టి.

> తేదీ సరిచేయడం ఇలా
>
> పక్కన తెరుచుకున్న పేజీలో Set time automatically అని ఉంటుంది. దాని స్విచ్ On లో ఉంటే ఒకసారి నొక్కి Off చేయండి. చివర్లో మళ్లీ ఆన్ చేద్దాం.
>
> ఇప్పుడు Set the date and time manually అన్న చోట Change నొక్కండి. మీ ఫోన్ పక్కన పెట్టుకుని, అందులో ఉన్న తేదీ, టైమ్ చూసి ఇక్కడ పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం సంవత్సరం. మధ్యాహ్నం పన్నెండు దాటితే PM ఉండాలి. పెట్టాక Change నొక్కండి.
>
> Time zone దగ్గర (UTC+05:30) Chennai, Kolkata, Mumbai, New Delhi అని ఉండాలి. అందులో బెంగళూరు పేరు ఉండదు. ఫర్వాలేదు, మనకూ అదే టైమ్.
>
> ఇక Set time automatically మళ్లీ On చేసి, అదే పేజీలో Sync now నొక్కండి. పక్కన టిక్ వచ్చిందంటే అయిపోయింది. పేజీ మూసేయండి, బిల్లింగ్ దానంతటదే మొదలవుతుంది.
>
> మధ్యలో పాస్‌వర్డ్ అడిగిందా? అది మీకు కంప్యూటర్ పెట్టిచ్చిన వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లు దొరక్కపోతే మాకు ఫోన్ చేయండి.

టెస్టింగ్ వాళ్లు "Sync now ఒక్కటి నొక్కితే సరిపోదా, చేత్తో పెట్టించడం ఎందుకు" అని అడుగుతారు. తేడా పది నిమిషాలైతే సరిపోతుంది. ఇక్కడ తేడా పదేళ్లు. ఆఫీసు నెట్‌వర్క్‌లో లేని మామూలు కంప్యూటర్‌లో గడియారం 15 గంటలకు మించి తేడాగా ఉంటే విండోస్ మామూలుగా దాన్ని దిద్దదు. ముందు చేత్తో దగ్గరికి తేవాలి, తర్వాతే అది మిగతా సెకన్లు చూసుకుంటుంది.

ఇంకొకటి. మెస్ ఆయనకు మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే వచ్చింది. రాత్రి కట్టేసేటప్పుడు మెయిన్ ఆపేస్తారు. లోపల బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు లేకపోతే గడియారం నిలబడదు, పొద్దున లేస్తే మళ్లీ 2015. రోజూ తేదీ పెట్టుకోమనడం మందివ్వకుండా తడిగుడ్డ వేసినట్టే. కాబట్టి వారంలో మూడోసారి వస్తే పాత పెట్టె బదులు ఇది రావాలి:

> తేదీ మళ్లీ తప్పింది. ఈ వారంలో ఇది మూడోసారి
>
> మీరు సరిగ్గానే పెట్టారు. కంప్యూటర్ లోపల గడియారం కోసం ఒక చిన్న గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, దాదాపు రూపాయి బిళ్లంత. అది అయిపోయినట్టుంది. అందుకే రాత్రి కరెంటు ఆపేస్తే తేదీ పోతోంది.
>
> కంప్యూటర్ రిపేర్ షాపులో CR2032 బ్యాటరీ వేయమని అడగండి. పెద్ద ఖర్చేమీ కాదు. పాత బ్యాటరీ పిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రమాదం.
>
> అది మార్చేవరకు రాత్రి కంప్యూటర్ మామూలుగానే షట్‌డౌన్ చేయండి, కానీ దాని ప్లగ్ స్విచ్ మాత్రం ఆపకండి.
>
> ఇప్పటికి తేదీ ఒకసారి పెట్టుకోండి.
>
> బటన్: తేదీ సరిచేస్తాను

"మీరు సరిగ్గానే పెట్టారు" కొట్టేయొద్దు. మూడోసారి వచ్చిందంటే ఎవరైనా ముందు తామే ఏదో తప్పు నొక్కామనుకుంటారు. ల్యాప్‌టాప్ అయితే ఈ పెట్టె చూపించకు, సపోర్ట్ నంబర్ ఇస్తే చాలు. అందులో బ్యాటరీ అందరికీ ఒకేలా ఉండదు.

ఇక మనకు సిగ్గుచేటైన సంగతి. ఇదే x509 ఎర్రర్ చివర `is before` కి బదులు `is after` అని కూడా వస్తుంది. అంటే కంప్యూటర్ తేదీ ముందుకు దూకి ఉండాలి, లేదా మన సర్టిఫికెట్ రెన్యూ చేయడం మనమే మర్చిపోయి ఉండాలి. రెండోదైతే వందలమందిని తేదీ మార్చమని మనమే చెప్పి, సరిగ్గా ఉన్న గడియారాలన్నీ చెడగొట్టిస్తాం. అప్పుడు ముందు ఇది అడుగు:

> ఇవాళ తేదీ 20 నవంబర్ 2025, గురువారం. సరిగ్గా ఉందా?
>
> అవును / కాదు

కాదంటే మొదటి పెట్టె. అవునంటే:

> తప్పు మా వైపే ఉంది, క్షమించండి
>
> మీ కంప్యూటర్ బాగానే ఉంది. తేదీ గానీ, మరేదైనా గానీ మార్చొద్దు. బిల్లులు ఎప్పటిలాగే కొట్టుకోండి. అవి ఈ కంప్యూటర్‌లోనే ఉండి, మేం సరిచేశాక వాటంతటవే చేరతాయి.
>
> సపోర్ట్ వాళ్లు అడిగితే "తేదీ 2" అని చెప్పండి.

"సంగతి మా వాళ్లకు తెలిసింది" అని చేర్చమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ దారి మూసుకుంటే మనకెలా తెలుస్తుంది?

`is before` వచ్చినప్పుడు ప్రశ్న అక్కర్లేదు, కానీ చివరి బిల్లు తేదీతో ఒకసారి పోల్చు. కంప్యూటర్ తేదీ దానికంటే వెనకుంటే ఇక అనుమానమే లేదు. పాత ఇంగ్లీషు లైన్ లాగ్ ఫైల్‌లో అలాగే ఉండనీ, రేపు తవ్వుకోవడానికి మనకు కావాలి.

రేపు మధ్యాహ్నం ఆ మెస్‌కే భోజనానికి వెళ్తున్నాను. నాలుగు పెట్టెలూ కాగితం మీద ప్రింట్ తీసి, రష్ తగ్గాక ఆయన చేతికిచ్చి, ఏం నొక్కుతారో చూపించమంటాను. ఎక్కడ ఆగుతాడో అక్కడ మాట మారుస్తాను. అంతవరకు బిల్డ్ బయటికి పంపకు.