గడువు పొడిగింపు కోసం అభ్యర్థన

పర్లాకిమిడి,
నవంబరు 16, 2025

గౌరవనీయులైన గురువుగారికి నమస్కారాలు.

గిడుగు రామమూర్తి గారి సవర భాషా కృషిపై నేను రాస్తున్న ప్రాజెక్టు వ్యాసం ఈ నెల 20న మీకు అందాలి. దానికి మరో పన్నెండు రోజులు, అంటే డిసెంబరు 2 వరకు గడువు ఇవ్వమని వేడుకుంటున్నాను.

ఈ నెల 7వ తేదీ రాత్రి నాన్నకు మలేరియా ముదిరి స్పృహ తప్పింది. పర్లాకిమిడి నుంచి బరంపురం ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణాపాయం తప్పింది, నిన్ననే ఇంటికి తెచ్చాం. మందుల చీటీ ఒడియాలో ఉంది. అమ్మకు తెలుగు చదవడమే వచ్చు. అందుకే ఒక్కో మందు అట్ట మీద ‘పొద్దున’, ‘రాత్రి’ అని తెలుగులో రాసి పెడుతున్నాను. తమ్ముడు చిన్నవాడు, నాన్నను లేపి కూర్చోబెట్టడానికి ప్రస్తుతం నేనే ఉండాలి.

మొదటి రెండు అధ్యాయాలు పూర్తయ్యాయి, ఈ ఉత్తరంతో జతపరుస్తున్నాను. గుమ్మ దగ్గరి సవర పల్లెల్లో నేను సేకరించిన మాటలను ఆయన 1931 నాటి సవర వ్యాకరణంతో పోల్చే మూడో అధ్యాయమే మిగిలింది. ఆయన ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టి, ఆ పనిని హడావిడిగా ముగించడానికి మనసు ఒప్పడం లేదు. నోటుబుక్కు ఇంట్లోనే ఉంది కనుక రాత్రిళ్లు రాయగలను.

డాక్టరు ఇచ్చిన పత్రం నకలు కూడా పంపుతున్నాను. ఆలస్యానికి మార్కులు తగ్గించాల్సిన నియమం ఉంటే అందుకు సిద్ధమే.

ఇట్లు,
మీ విద్యార్థిని
సుజాత
ఎం.ఏ. తెలుగు, రెండో సంవత్సరం