పద్మకు, నీ నవల రాతప్రతి గురించి

పద్మా,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి మెట్రోలో మొదలుపెట్టి, దిగాల్సిన స్టేషన్ దాటిపోయి ఎల్బీనగర్ దాకా వెళ్ళిపోయాను. రెండోసారి ఇంట్లో, పెన్సిల్ పట్టుకుని. కథ నిలబడింది. నర్సింగరావు లాంటి కండక్టర్ తెలుగులో ఇంత దగ్గరగా నాకు ఇదివరకు తగల్లేదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

నన్ను ఇబ్బంది పెట్టింది ఒకటే. పోయినేడు చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ తాగుతూ మీ నాన్న గురించి నువ్వు చెబుతుంటే, అంతా నా కళ్ళ ముందు జరిగింది. అదే నువ్వు కాగితం మీదకి వచ్చేసరికి చూపించడం మానేసి, నాకు సమాచారం ఇస్తున్నావు.

ముందు ఏడో అధ్యాయం, 2019 ఆర్టీసీ సమ్మె. నువ్వు రాసింది ఇది: "ఆ 52 రోజులూ ఇల్లు దిగులుగా, భారంగా గడిచింది. లక్ష్మి ధైర్యంగా ఉండటానికి ప్రయత్నించింది కానీ లోపల కుమిలిపోయింది." ఇక్కడ దిగులు అనే మాట ఉంది కానీ దిగులు లేదు. ఆ రోజు టీ కొట్టు దగ్గర నువ్వు ఏం చెప్పావో గుర్తుందా? రాత్రి పదిన్నరకి నాన్న స్కూటర్ స్టాండ్ వేసిన చప్పుడు వినగానే అమ్మ కూర వేడి పెట్టడానికి లేచేదనీ, సమ్మె మొదలయ్యాక కూడా పదిన్నరకి అలాగే లేచేదనీ చెప్పావు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, హాల్లో కూర్చున్న నాన్నని చూసి, మళ్ళీ వచ్చి కూర్చునేదని. పద్మా, అది నవలలో లేదు! ఆ ఒక్క విషయం కోసం పేజీలన్నీ వెతికాను. ఇలా పెట్టి చూడు:

"పదిన్నరైంది. లక్ష్మి లేచి వంటింట్లోకి నడిచింది. లైటర్ చేతిలోకి తీసుకుంది. హాల్లో నర్సింగరావు దగ్గాడు. లైటర్ మళ్ళీ మేకుకి తగిలించి వచ్చి, టీవీ ముందు కూర్చుంది."

ఇవి నా వాక్యాలు, నువ్వు నీలా రాస్తావు. కానీ ఇందులో దిగులు, భారం, ధైర్యం అనే మాటలు ఒక్కటీ లేకపోయినా లక్ష్మి సంగతి తెలిసిపోతోంది. దీని తర్వాత "కుమిలిపోయింది" అని రాయకు. అలా రాస్తే పాఠకుడికి అర్థం కాలేదేమోనని నువ్వు భయపడ్డట్టు ఉంటుంది.

ఆ అధ్యాయంలో ఇంకోటి కూడా వదిలేశావు. సమ్మె మొదలైంది అక్టోబరు 5న. మర్నాడు సద్దుల బతుకమ్మ. సెప్టెంబరు జీతం రాలేదు. ఇంత ఉండగా "పండగ కళ తప్పింది" అని ఒక వాక్యంలో తేల్చేశావు. ఆ సాయంత్రం లక్ష్మి ఏ పూలు కొంది, ఏవి కొనలేదు? బంతిపూలు బేరం ఆడి వదిలేసి, రోడ్డు పక్కన దొరికే తంగేడుతోనే పేర్చిందా? బతుకమ్మ ఈసారి ఎంత ఎత్తు వచ్చింది? పక్కింటివాళ్ళ బతుకమ్మ పక్కన పెట్టినప్పుడు కూతురు స్వప్న ఎక్కడ నిలబడింది? నాలుగు పేజీలు కావాలి ఇక్కడ. తొందర పడకు.

రెండోది సంభాషణలు. 27వ పేజీలో గుండ్రాలు చుట్టాను చూడు. ఒక్క పేజీలో పదకొండు "గా"లు. మొండిగా అంది, కోపంగా అన్నాడు, బాధగా నవ్వాడు. మన తెలుగులో ఇదొక సులువు. ఏ భావానికైనా చివర "గా" తగిలిస్తే పని అయిపోయినట్టు ఉంటుంది. స్వప్న పుణె వెళ్తానన్న చోట నీ వాక్యం: "ఎవరిని అడిగి వెళ్తున్నావు? అన్నాడు నర్సింగరావు కోపంగా, లోలోపల భయపడుతూ." దాన్ని ఇలా మార్చి చూశాను:

"'ఎవర్ని అడిగి పోతున్నవ్?' నోట్లు లెక్కపెడుతున్న వేలు ఆగింది. కాసేపు నోట్లకేసి చూసి, మళ్ళీ మొదటి నోటు నుంచి మొదలుపెట్టాడు."

ఇరవై ఏడేళ్ళు నోట్లు లెక్కపెట్టిన మనిషి లెక్క మర్చిపోయాడు. భయం అక్కడే ఉంది.

ఇంకోటి కూడా గమనించావా, మాట మార్చాను. "అతను పక్కా ముషీరాబాద్ మనిషి" అని రెండో పేజీలో చెప్పావు. తర్వాత అతనేమో "దయచేసి నా మాట వినమ్మా" అని పాఠ్యపుస్తకంలోలా మాట్లాడతాడు. మీ నాన్న నాతో ఫోన్‌లో ఎప్పుడైనా అలా మాట్లాడారా? "ఏం పరేషాన్ గాకు బిడ్డా" అనేవారు. అతన్ని ఆ భాషలో మాట్లాడనివ్వు, రెండో పేజీలో ఆ పరిచయ వాక్యం అవసరమే ఉండదు. అచ్చులో బాగుండదేమోనన్న టెన్షన్ నీకు అక్కర్లేదు.

"గుండె బరువెక్కింది" ఆరుసార్లు, "కళ్ళు చెమర్చాయి" తొమ్మిదిసార్లు వచ్చాయి. ఇవి శరీరానికి సంబంధించిన మాటలు కాబట్టి చూపిస్తున్నట్టే అనిపిస్తాయి. కానీ ఎవరి గుండెకైనా, ఎవరి కళ్ళకైనా సరిపోతాయి. లక్ష్మి ఏడుపు ఆపుకున్నప్పుడు ఏం చేస్తుందో నీకు తెలుసు: చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంది, నాలుగో అధ్యాయంలో నువ్వే రాశావు. అదే వాడు. తొమ్మిదిలో రెండు చోట్ల చాలు, మిగతావి కొట్టెయ్యి.

మూడో పేజీలో "నర్సింగరావు నిజాయితీకి మారుపేరు" అన్న పేరా మొత్తం తీసెయ్యి. ఆ నిజాయితీ 41వ పేజీలో ఉంది. టికెట్ వెనక ఎనిమిది రూపాయలు బాకీ అని అతను రాసిస్తే, ముసలామె ఆ చిల్లర తీసుకోకుండా దిగిపోతే, మర్నాడు అదే ట్రిప్పులో, అదే స్టాపులో ఆమె కోసం తొంగి చూస్తాడే, ఆ సీన్. అది నవలకి మొదటి సీన్ కావాలి. కొత్తగా రాయాల్సింది ఏమీ లేదు, ముందుకు జరిపితే చాలు. కాకపోతే ఆ సీన్ చివర "చిల్లర చిన్నదే కావచ్చు, మనసు పెద్దది" అని ఉంది చూడు, అది వద్దు. ముసలామె ఆ ఎనిమిది రూపాయలు కొంగున ముడేసుకోవడంతో సీన్ అయిపోయింది.

అన్నీ చూపించాలని కాదు. "మూడేళ్ళలో స్వప్న రెండు ఉద్యోగాలు మారింది" అన్న వాక్యం బంగారంలా ఉంది, ముట్టుకోకు. ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా 300 నంబర్ బస్సు ప్రయాణం మాత్రం ప్రతి స్టాపూ చూపించావు. అక్కడ కథలో ఏమీ జరగట్లేదు. రెండు లైన్లలో చెప్పేసి, ఆ మిగిలిన చోటు బతుకమ్మకి ఇవ్వు.

స్టీలు డబ్బా అధ్యాయం గురించి నేనేమీ రాయలేదు, మార్జిన్‌లో ఒక్క గీత కూడా లేదు. చదివి పుస్తకం మూసేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

వచ్చే ఆదివారం పదింటికి లైబ్రరీ దగ్గరికి వస్తాను, నా గీతలున్న కాపీ తెస్తాను. ఆలోపు ఏడో అధ్యాయం ఒక్కటే మళ్ళీ రాయి, మిగతావి ముట్టుకోకు. ఇంకోటి, నాన్న స్కూటర్ ఏ రంగో నవలలో ఎక్కడా లేదు. నాకు తెలియాలి.

నీ
శ్రీలత