బొబ్బట్టులో నీ వాటా ఎంత?
తెల్లబోర్డు వీడియో స్క్రిప్టు: 4వ తరగతి గణితం, భిన్నాల పరిచయం

నిడివి సుమారు 7 నిమిషాలు. తెరపై తెల్లబోర్డు, బొమ్మలు గీసే చేయి మాత్రమే కనిపిస్తాయి. కథ చెప్పే గొంతు ఒక్కటే. ఆహార పదార్థాలను పసుపు రంగుతోనూ, కోసే గీతలను ఎరుపు రంగుతోనూ, అంకెలను నలుపు రంగుతోనూ గీయాలి.

మొదటి దృశ్యం

[బోర్డుపై: చేయి ఒక పెద్ద వృత్తాన్ని గీసి పసుపు రంగు నింపుతుంది. పక్కన అమ్మమ్మ, సిరి, ఆమె తమ్ముడు చందు బొమ్మలు.]

గొంతు: పిల్లలూ, ఉగాది రోజున అమ్మమ్మ పెనం మీద నుంచి వేడివేడి బొబ్బట్టును తీసి పళ్లెంలో పెట్టి, "ఇద్దరూ చెరి సగం తినండి" అని చెప్పి మళ్లీ వంటగదిలోకి వెళ్లింది. సిరి ఆ బొబ్బట్టును రెండు ముక్కలు చేసింది.

[బోర్డుపై: ఎర్ర గీత వృత్తం మధ్యలో కాకుండా బాగా కుడి పక్కకు పడుతుంది. చిన్న ముక్క చందు వైపు జరుగుతుంది. చందు ముఖం చిన్నబోతుంది.]

గొంతు: చందు ఒప్పుకోలేదు. "అక్కా, ఇది సగం కాదు" అన్నాడు. "రెండు ముక్కలే కదా చేశాను, నీకొకటి, నాకొకటి" అన్నది సిరి. మీరు చెప్పండి, ఎవరి మాట సరైనది?

[చేయి ఆగుతుంది. నాలుగు సెకన్ల నిశ్శబ్దం. ఈ విరామాన్ని తగ్గించకూడదు, ఎందుకంటే జవాబు తమంతట తాము చెప్పుకున్న పిల్లలకే తర్వాతి మాట బాగా అర్థమవుతుంది.]

గొంతు: చందు చెప్పిందే సరైనది. ముక్కలు రెండే ఉన్నా అవి సమానంగా లేవు కాబట్టి ఏ ముక్కా సగం కాదు. ఒక వస్తువును రెండు సమాన భాగాలు చేసినప్పుడు మాత్రమే ఒక్కొక్క భాగాన్ని సగం అంటాము.

రెండో దృశ్యం

[బోర్డుపై: పాత బొమ్మ చెరిగిపోతుంది. కొత్త బొబ్బట్టు వస్తుంది. ఈసారి ఎర్ర గీత సరిగ్గా మధ్యలో పడుతుంది. పక్కన నల్ల అంకెలతో 1/2 అని, 1 పైన, 2 కింద, మధ్యలో అడ్డగీత ఉండేలా పెద్దదిగా రాయాలి.]

గొంతు: సిరి ఇంకో బొబ్బట్టును సరిగ్గా మధ్యకు కోసింది. ఇప్పుడు చందు వాటాను అంకెలలో ఇలా రాస్తాము. గీత కింద ఉన్న 2, మొత్తం బొబ్బట్టును ఎన్ని సమాన భాగాలు చేశామో చెబుతుంది. దానిని హారం అంటారు. గీత పైన ఉన్న 1, ఆ భాగాలలో మనం ఎన్ని తీసుకున్నామో చెబుతుంది; దానిని లవం అంటారు. ఇలా రాసిన సంఖ్యనే భిన్నం అంటారు.

మూడో దృశ్యం

[బోర్డుపై: పక్కపక్కనే ఒకే పరిమాణంలో మూడు బొబ్బట్లు. మొదటిదానిలో రెండు, రెండోదానిలో మూడు, మూడోదానిలో నాలుగు సమాన భాగాలు. వృత్తాన్ని మూడు సమాన భాగాలు చేయడం చేతికి కష్టం కాబట్టి, గడియారంలో 12, 4, 8 అంకెలు ఉండే చోట్ల చుక్కలు పెట్టుకొని, వాటి నుంచి మధ్యకు గీతలు గీయాలి. ప్రతి బొబ్బట్టులో ఒక్క ముక్కకే ముదురు రంగు వేయాలి.]

గొంతు: మరునాడు ఎదురింటి పాప వచ్చింది. బొబ్బట్టును ముగ్గురు సమానంగా పంచుకున్నారు, ఒక్కొక్కరికి మూడింట ఒక వంతు, అంటే 1/3 వచ్చింది. ఆ మరునాడు పాప తన తమ్ముడిని కూడా వెంటబెట్టుకొని వచ్చింది. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు, అంటే 1/4 వచ్చింది. దీనినే మనం ఇంట్లో పావు అంటాము. కూరగాయల దుకాణంలో పావుకిలో అంటే 250 గ్రాములు అయ్యేది ఇందుకే: కిలోలోని 1000 గ్రాములను నాలుగు సమాన భాగాలు చేస్తే ఒక భాగం 250 గ్రాములు.

గొంతు: ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. 3 కంటే 4 పెద్ద సంఖ్య. అయితే 1/3 కంటే 1/4 కూడా పెద్దదేనా?

[చేయి మూడు ముదురు ముక్కలను బయటకు లాగి ఒకదాని కింద ఒకటి పేరుస్తుంది. ఈ భాగాన్ని నెమ్మదిగా చూపించాలి. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.]

గొంతు: ముక్కలను పోల్చి చూస్తే 1/4 ముక్కే అన్నిటికంటే చిన్నది. బొబ్బట్టు మారలేదు, తినేవాళ్లు పెరిగారు. పంచుకునేవాళ్లు పెరిగిన కొద్దీ ఒక్కొక్కరికి వచ్చే ముక్క చిన్నదవుతుంది. కాబట్టి లవం 1గానే ఉన్నప్పుడు హారం పెరిగితే భిన్నం తగ్గుతుంది. అయితే మూడు బొబ్బట్లనూ ఒకే పరిమాణంలో గీశామని గుర్తుంచుకోండి. చిన్న పూరీలో సగం, పెద్ద పెసరట్టులో సగం ఒకటి కావు.

నాలుగో దృశ్యం

[బోర్డుపై: నాలుగు భాగాల బొబ్బట్టులో రెండు పక్కపక్క ముక్కలకు రంగు. దాని పక్కన సగం బొబ్బట్టు. సగం బొమ్మ జరిగి వచ్చి రెండు పావుల మీద సరిగ్గా కూర్చుంటుంది. 2/4 = 1/2 అని రాయాలి.]

గొంతు: రెండు పావులు కలిస్తే సగం. పేర్లు వేరైనా రెండూ ఒకే విలువ కాబట్టి వీటిని సమాన భిన్నాలు అంటారు.

ఐదో దృశ్యం

[బోర్డుపై: వరుసగా మూడు జొన్నరొట్టెలు. కింద నలుగురు పిల్లలు.]

గొంతు: ఈ రోజు అమ్మమ్మ మూడు జొన్నరొట్టెలు చేసింది. తినేవాళ్లు నలుగురు. తలా ఒక రొట్టె ఇస్తే ఒకరికి మిగలదు. ఎలా పంచాలి?

[నాలుగు సెకన్ల నిశ్శబ్దం.]

గొంతు: సిరి ప్రతి రొట్టెనూ నాలుగు ముక్కలు చేసింది. మొత్తం పన్నెండు ముక్కలు వచ్చాయి. నలుగురికీ తలా మూడు ముక్కలు పంచింది. ప్రతి ముక్కా ఒక రొట్టెలో పావు కాబట్టి, ఒక్కొక్కరికి మూడు పావులు, అంటే 3/4 రొట్టె వచ్చింది. దీనిని ముప్పావు అంటాము.

[బోర్డుపై: మూడు రొట్టెలు మళ్లీ కొత్తగా. మొదటి రెండింటికీ మధ్యలో ఒక్కొక్క గీత, మూడోదానికి కూడిక గుర్తులా రెండు గీతలు.]

గొంతు: అది చూసిన అమ్మమ్మ, రొట్టెను అంత చిన్న ముక్కలు చేస్తే త్వరగా ఆరిపోతుందని చెప్పి, మరో మూడు రొట్టెలను ఇంకో విధంగా పంచింది. రెండు రొట్టెలను సగానికి తుంచితే నాలుగు సగాలు వచ్చాయి, తలా ఒకటి ఇచ్చింది. మూడో రొట్టెను నాలుగు చేసి తలా ఒక పావు ఇచ్చింది. ఒక్కొక్కరికి సగం, పావు కలిపి వచ్చాయి.

[బోర్డుపై: 1/2 + 1/4 అని రాసి, చేయి ఆగుతుంది. తర్వాత సగం ముక్క మధ్యలో చుక్కల గీత పడి అది రెండు పావులుగా కనిపిస్తుంది. కింద 2/4 + 1/4 = 3/4.]

గొంతు: సగం అంటే రెండు పావులని ఇందాక చూశాము. వాటికి ఇంకో పావు కలిపితే మూడు పావులు. సిరి పంచినప్పుడూ ముప్పావే వచ్చింది, అమ్మమ్మ పంచినప్పుడూ ముప్పావే వచ్చింది.

ఆరో దృశ్యం

[బోర్డుపై: రెండు దోసెలు, ముగ్గురు పిల్లలు. అంకెలు ఏమీ రాయకూడదు.]

గొంతు: ఇప్పుడు మీ వంతు. రెండు దోసెలను ముగ్గురికి సమానంగా పంచాలి. వీడియోను ఆపి, నోటుపుస్తకంలో రెండు వృత్తాలు గీసి, కోసే గీతలు మీరే గీయండి. ఒక్కొక్కరికి ఎంత దోసె వచ్చిందో భిన్నంగా రాసి, లవం ఏది, హారం ఏది పక్కన గుర్తు పెట్టండి.

[బొమ్మ పది సెకన్ల పాటు అలాగే తెరపై ఉంటుంది.]