అనాత్మవాదం, పునర్జన్మ: వ్యాసంపై వ్యాఖ్యలు, తిరగరాసిన నమూనా పేరాలు

ప్రశ్న: “ఆత్మే లేదంటే పునర్జన్మకు అర్థం లేదు.” బౌద్ధ సిద్ధాంతం ఆధారంగా ఈ వాదనను విమర్శనాత్మకంగా పరిశీలించండి.

మార్కులు: 40కి 16 (విషయ పరిజ్ఞానం 20కి 9, విశ్లేషణ 20కి 7)

మీ వ్యాసం చదివితే మీరు పాఠాలు శ్రద్ధగా విన్నారని తెలుస్తోంది. పంచస్కంధాల పేర్లు వరుస తప్పకుండా రాశారు. రథం, దీపం ఉదాహరణలు రెండూ గుర్తుపెట్టుకున్నారు. ఇంత సరుకు ఉండి కూడా మార్కులు ఎందుకు పడిపోయాయంటే, ప్రశ్నలో ఉన్న చిక్కును మీరు ఎక్కడా ఎదుర్కోలేదు. ఆత్మ లేదని నాలుగో పేరాలో రాశారు, మళ్ళీ పుడతామని అయిదో పేరాలో రాశారు. ఆ రెండింటి మధ్య ఉన్న గొడవే ప్రశ్న. దాని గురించి వ్యాసం మొత్తంలో ఉన్నది ఒక్క వాక్యం: “ఇది చాలా లోతైన విషయం, సామాన్యులకు అర్థం కాదు.” విమర్శనాత్మకంగా పరిశీలించమన్నప్పుడు ఆ వాక్యం దగ్గర ఆగిపోవడానికి వీల్లేదు. అసలు పని మొదలయ్యేది అక్కడే.

మొదటి మూడు పేరాలు

“మానవుడు పుట్టిన నాటి నుంచి మరణానంతర జీవితం గురించి ఆలోచిస్తూనే ఉన్నాడు” అని మొదలుపెట్టారు. ఈ వాక్యం ఏ మతం మీద రాసే ఏ వ్యాసానికైనా అతుకుతుంది, అందుకే దేనికీ ఉపయోగపడదు. ఆ తర్వాత సిద్ధార్థుడి గృహత్యాగం, నాలుగు ఆర్యసత్యాలు, అష్టాంగ మార్గం. తప్పులేమీ లేవు, కానీ ప్రశ్న వాటిని అడగలేదు. సగం వ్యాసం అక్కడే ఖర్చయిపోయింది. ఈ మూడు పేరాలూ తీసేసి, వాటి స్థానంలో ప్రశ్నను విడదీసే ఒక్క పేరా పెట్టండి. ఇలా:

> చనిపోయిన వ్యక్తి మళ్ళీ పుడతాడంటే, ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళేది ఏదో ఒకటి ఉండాలనిపిస్తుంది. బౌద్ధం పునర్జన్మను ఒప్పుకుంటూనే, అలా వెళ్ళే శాశ్వతమైన ఆత్మ ఏదీ లేదంటుంది. ఈ రెండూ పొసగవన్న ఆక్షేపణలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఆత్మ లేకుండా ఒక జన్మకూ మరో జన్మకూ కొనసాగింపు ఎలా కుదురుతుంది? అదే వ్యక్తి కానప్పుడు, ఒకరి కర్మకు మరొకరు ఫలం అనుభవించడం న్యాయమా? మొదటి ప్రశ్నకు, ఏదైనా తన కారణాలను ఆధారం చేసుకునే పుడుతుందన్న ప్రతీత్యసముత్పాదం గట్టి సమాధానమే ఇస్తుందనీ, రెండో ప్రశ్నకు, మిలింద రాజుకూ నాగసేన భిక్షువుకూ మధ్య సంభాషణగా సాగే మిలింద పన్హలో దొరికే సమాధానం పాక్షికమేననీ ఈ వ్యాసం వాదిస్తుంది.

చివరి వాక్యం గమనించండి. వ్యాసం ఎటు వెళ్తుందో ముందే చెప్పింది. చదివేవాళ్ళు ఆ తర్వాతి ప్రతి పేరానూ దీనితో పోల్చి చూస్తారు, రాసే మీరు కూడా దారి తప్పరు.

“భగవాన్ బుద్ధుడు దివ్యదృష్టితో కనుగొన్న సత్యం” వంటి మాటలు కూడా మార్చాలి. మీ భక్తినీ గౌరవాన్నీ ఎవరూ తప్పుపట్టరు. కానీ ఒక సిద్ధాంతం నిలుస్తుందా లేదా అని పరీక్షించే వ్యాసంలో, అది సత్యమని మొదటే తీర్మానిస్తే పరీక్షించడానికి ఏమీ మిగలదు. “పాలి సుత్తాల ప్రకారం”, “బౌద్ధులు ఇలా వాదిస్తారు” అని రాయండి.

నాలుగో పేరా: అనాత్మ

“రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే ఐదు స్కంధాలే మనిషి. కాబట్టి ఆత్మ లేదు.” ఈ “కాబట్టి” వెనక కారణం లేదు. మనిషిలో ఐదు స్కంధాలు ఉన్నాయన్నంత మాత్రాన ఆరోది లేదని తేలదు. బుద్ధుడు సారనాథ్‌లో అయిదుగురు భిక్షువులకు చెప్పిన అనత్తలక్ఖణ సుత్తంలో ఈ కారణం స్పష్టంగా ఉంది. దాన్ని వాడితే పేరాకు వెన్నెముక వస్తుంది:

> సంయుత్త నికాయంలోని అనత్తలక్ఖణ సుత్తంలో బుద్ధుడు రెండు వాదాలు చేస్తాడు. మొదటిది అధీనానికి సంబంధించింది: రూపమే ఆత్మ అయితే అది రోగాల పాలు కాకూడదు, “నా రూపం ఇలా ఉండాలి, అలా ఉండకూడదు” అంటే మాట వినాలి. అలా వినదు. రెండోది అనిత్యతకు సంబంధించింది: అనిత్యమైనది దుఃఖకరం, మారిపోయే స్వభావం ఉన్నది. అలాంటి దాన్ని “ఇది నాది, ఇదే నేను, ఇదే నా ఆత్మ” అనుకోవడం తగదు. మిగతా నాలుగు స్కంధాలకూ ఇదే తర్కం వర్తిస్తుంది. అయితే ఈ వాదం నేరుగా రుజువు చేసేది స్కంధాలలో ఏదీ ఆత్మ కాదని మాత్రమే. వాటికి వెలుపల ఆత్మ ఉండవచ్చు కదా అన్న ప్రశ్నకు, స్కంధాలను దాటి మన అనుభవంలోకి వచ్చేది ఏదీ లేదన్న అదనపు ఆధారం అవసరమవుతుంది.

విశ్లేషణకు మార్కులు తెచ్చేది “అయితే” దగ్గర మొదలయ్యే భాగం. వాదాన్ని అప్పజెప్పి వదిలేయకుండా, అది ఎంతవరకు సాగుతుందో కొలిచింది. పరీక్షకుడు మొదట వెతికేది ఇదే.

రథం ఉదాహరణ ఇక్కడికే చెందుతుంది. మీరు దాన్ని పునర్జన్మ పేరాలో పెట్టారు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని నాగసేనుడు అడిగేది, భాగాలను ఆధారం చేసుకుని “రథం” అన్న వ్యవహారం ఎలా ఏర్పడుతుందో చూపించడానికి. అది ఈ క్షణంలో ఉన్న వ్యక్తి గురించి. చనిపోయాక ఏమవుతుందన్న దానికి అందులో జవాబు లేదు. ఇంకొక మాట: ఆ సంభాషణ మిలింద రాజుకూ నాగసేన భిక్షువుకూ మధ్య జరిగింది. “బుద్ధుడు మిలిందుడికి చెప్పాడు” అని రాశారు. మిలిందుడు క్రీ.పూ. 2వ శతాబ్దపు ఇండో-గ్రీకు రాజు, బుద్ధుడి కాలానికి చాలా తర్వాతివాడు. ఇలాంటి పొరపాటు ఒక్కటి కనబడినా చదివేవాళ్ళకు మిగతా వ్యాసం మీద నమ్మకం సడలుతుంది.

అయిదో పేరా: పునర్జన్మ

వ్యాసంలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇక్కడుంది. “చిరిగిన బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు, విజ్ఞానం పాత శరీరం విడిచి కొత్త శరీరంలో ప్రవేశిస్తుంది” అని రాసి, అది బౌద్ధ బోధ అన్నారు. బట్టల పోలిక భగవద్గీత రెండో అధ్యాయం 22వ శ్లోకంలోది, అక్కడ శరీరాలు మార్చేది దేహి, అంటే ఆత్మ. “ఆత్మ” తీసేసి “విజ్ఞానం” పెట్టినంత మాత్రాన అది బౌద్ధం కాదు. సరిగ్గా ఇదే అభిప్రాయం చెప్పినందుకు సాతి అనే భిక్షువును బుద్ధుడు మందలించిన ఘట్టం మజ్ఝిమ నికాయం 38వ సుత్తంలో ఉంది. కాబట్టి ఆ శ్లోకాన్ని కొట్టేయకండి. పోలిక చూపించడానికి వాడుకోండి, అప్పుడు తప్పు కాస్తా బలమవుతుంది:

> భగవద్గీత (2.22) ప్రకారం దేహి జీర్ణమైన శరీరాలను విడిచి కొత్తవాటిని పొందుతాడు. ఇక్కడ కొనసాగింపుకు కారణం మార్పు లేని ఒక వస్తువు. బౌద్ధం ఈ నమూనానే తిరస్కరిస్తుంది. అదే విజ్ఞానం జన్మ నుంచి జన్మకు సంచరిస్తుందన్న సాతి భిక్షువును బుద్ధుడు తప్పుపట్టి, కారణాలు లేకుండా విజ్ఞానం పుట్టదనీ, కంటినీ రూపాన్నీ ఆధారం చేసుకుని పుట్టినది చక్షుర్విజ్ఞానమనీ, ఏ ఇంధనంతో మండితే నిప్పుకు ఆ పేరు వచ్చినట్టే ఇదీ అని వివరించాడు. అంటే కొనసాగేది వస్తువు కాదు, కార్యకారణ ప్రవాహం. మిలింద పన్హలో నాగసేనుడు చెప్పే దీపం దీన్నే చూపిస్తుంది: మొదటి జాములో మండిన జ్వాలా చివరి జాములో మండే జ్వాలా ఒకటే కావు, అలాగని సంబంధం లేని వేర్వేరు జ్వాలలూ కావు. ఒక దీపంతో మరో దీపం వెలిగించినప్పుడు ఏదీ ఇటు నుంచి అటు దాటిపోదు, అయినా రెండోది మొదటిదాని వల్లే వెలిగింది. కాబట్టి పునర్జన్మకు ఆత్మ అనివార్యమన్న ఆక్షేపణ, కొనసాగింపు అంటే ఒకే వస్తువు నిలిచి ఉండడమేనన్న అనుకోలు మీద ఆధారపడింది. ఆ అనుకోలునే బౌద్ధం ఒప్పుకోదు.

ఈ పేరాలో ప్రతి ఉదాహరణ తర్వాతా అది దేన్ని నిరూపిస్తోందో ఒక వాక్యం ఉంది. మీ వ్యాసంలో “ఉదాహరణకు దీపం” అని మూడు పంక్తులు రాసి, వెంటనే జాతక కథలకు వెళ్ళిపోయారు. జాతక కథలను ప్రస్తావిస్తే ఒక అడుగు ముందుకు వేయాలి. “ఆ కాలంలో ఆ జింకను నేనే” వంటి బుద్ధుడి మాటలు అనాత్మవాదానికి ఎదురుగా కనిపిస్తాయి. బౌద్ధులు దీనికి లోకం మాట్లాడే తీరులో చెల్లే వ్యవహార సత్యం, అంతిమంగా నిలిచే పరమార్థ సత్యం అన్న తేడాతో జవాబిస్తారు. ఆ ఎదురుదాడినీ జవాబునూ రెండింటినీ రాస్తేనే జాతకాలు పనికొస్తాయి.

లేని పేరా: కర్మ, బాధ్యత

ప్రశ్నలోని రెండో సగం మీ వ్యాసంలో లేనే లేదు. విద్యార్థులు ఎక్కువగా వదిలేసేది ఇదే, వాదానికి పదును వచ్చేదీ ఇక్కడే. కొత్తగా రాయాల్సిన పేరాకు నమూనా:

> ఫలం అనుభవించేవాడు కర్మ చేసినవాడే కాకపోతే కర్మ సిద్ధాంతం అన్యాయంగా కనిపిస్తుంది. నాగసేనుడి జవాబు మామిడిపళ్ళ దొంగ ఉదాహరణ: యజమాని నాటిన పండు వేరు, తాను కోసిన పళ్ళు వేరు అని వాదించినా దొంగకు శిక్ష తప్పదు, ఎందుకంటే ఇవి వాటి వల్లే వచ్చాయి. కార్యకారణ సంబంధం ఉందని ఈ ఉదాహరణ బాగా చూపిస్తుంది. కానీ ఇందులో మారిపోయింది పళ్ళు మాత్రమే. దొంగతనం చేసినవాడూ శిక్ష పడినవాడూ ఒక్కడే. ఆక్షేపణ అడిగింది మారిపోయిన వ్యక్తి గురించి, కాబట్టి అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఈ ఇబ్బంది బౌద్ధుల మధ్యే చర్చకు దారితీసింది. కర్మ చేసేవాడినీ ఫలం పొందేవాడినీ కలపడానికి పుద్గలవాదులు, స్కంధాలతో ఒకటీ కాని వేరూ కాని “పుద్గలం” ఉందన్నారు. అది దొడ్డిదారిన ఆత్మను తేవడమేనని ఇతర శాఖలు ఖండించాయి. బౌద్ధ ఆచార్యుడు వసుబంధుడు అభిధర్మకోశ భాష్యం తొమ్మిదో అధ్యాయంలో ఈ ఖండనను విస్తారంగా చేశాడు.

ఈ పేరా బౌద్ధాన్ని ఓడించడానికి రాసింది కాదు. మామిడిపళ్ళ ఉదాహరణను గౌరవంగా తీసుకుని, అది ఏ పని చేస్తుందో, ఏ పని చేయదో తేల్చింది. దీనికి బౌద్ధుల పక్షాన జవాబు కూడా చెప్పవచ్చు: చిన్ననాటి నాకూ నేటి నాకూ మధ్య ఉన్నది కూడా ఇలాంటి ప్రవాహమే, అక్కడ బాధ్యతను ఒప్పుకున్నవాళ్ళు ఇక్కడ ఎందుకు కాదంటారు? మీరు ఏ పక్షం తీసుకున్నా పూర్తి మార్కులు వస్తాయి, కారణం చూపిస్తే.

ముగింపు

“అన్ని మతాల సారం ఒక్కటే, మంచి పనులు చేయాలి” అని ముగించారు. మీ వ్యాసమే బౌద్ధానికీ గీతకూ ఆత్మ విషయంలో పొత్తు కుదరదని చూపించాలి, అలాంటప్పుడు ఈ వాక్యం దాన్ని చెరిపేస్తుంది. ముగింపులో మొదటి పేరాలోని రెండు ప్రశ్నలకు మీరు చేరుకున్న జవాబులు నాలుగైదు వాక్యాల్లో చెబితే చాలు. కొత్త విషయం తేవద్దు.

పాలి, సంస్కృత రూపాలు కలగలిపి వాడారు, కమ్మ ఒకచోట, కర్మ మరోచోట. ఏదో ఒకటి ఎంచుకోండి. సుత్తం పేరు చెప్పినప్పుడు ఏ నికాయంలోదో కూడా రాయండి. తిరగరాసేటప్పుడు ముందుగా అయిదో పేరా మొదలుపెట్టండి, తర్వాత కర్మ పేరా, చివర్లో ఉపోద్ఘాతం. వాదం తేలాక రాసిన ఉపోద్ఘాతమే సూటిగా వస్తుంది. కొత్త ప్రతిలో కర్మ పేరా పక్కన, పైన నేను రాసిన దాంట్లో మీకు ఒప్పుదల కాని వాక్యం ఒకటి గుర్తించి, ఎందుకో మార్జిన్‌లో రాసి ఇవ్వండి.