డెత్ వ్యాలీ ప్లాన్: జూన్ 20 శనివారం, పదింటికల్లా కొండ మీద

నాన్నా, అమ్మా, అక్కా, బావా,

శుక్ర, శనివారాల ప్లాన్ మొత్తం రాస్తున్నాను. కాస్త పెద్దదే, అయినా అందరూ చివరిదాకా చదవండి. జూన్‌లో డెత్ వ్యాలీ నేషనల్ పార్క్‌లో పగటి ఎండ మామూలుగానే 43 డిగ్రీల దాకా పోతుంది, కొన్ని రోజులు ఇంకా ఎక్కువ. ఈ లోయలోని ఫర్నేస్ క్రీక్‌లోనే 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదైంది.

నాన్నా, "రెంటచింతల ఎండ చూసినవాళ్లం, ఇదేం లెక్క" అని మొన్న ఫోన్‌లో అన్నారు. మన దగ్గర చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, నీళ్లు తాగాలని మనకే తెలుస్తుంది. అక్కడ గాలి ఎంత పొడి అంటే చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. రెండేళ్ల కింద ఫ్రెండ్స్‌తో వెళ్లినప్పుడు తువ్వాలు తడిపి మెడకి చుట్టుకున్నాను. పావుగంటలో అప్పడంలా ఎండిపోయింది. ఒంట్లో నీళ్లు పోతున్నాయని ఆ రోజు నలుగురిలో ఎవరికీ తెలియలేదు. చెమటే లేదు కదా అనుకున్నాం. మధ్యాహ్నానికి నాకు తలనొప్పి, వాంతులు. అందుకే ఈసారి దాహాన్ని నమ్ముకోవద్దు, గడియారం చూసి తాగుదాం. కారులో ఉన్నా సరే, ప్రతి ఇరవై నిమిషాలకి నాలుగైదు గుక్కలు. చిన్నికి ఆ డ్యూటీ ఇచ్చాను, అది అలారం పెట్టి అందరినీ అడుగుతుంది.

మనిషికి రోజుకి నాలుగు లీటర్లు పెట్టుకోమని పార్క్ వాళ్లే చెబుతారు. ఆరుగురికి 24 లీటర్లు. కారు ఆగిపోతే పనికొచ్చేలా ఇంకో పన్నెండు. మొత్తం 36 లీటర్లు శుక్రవారం వేగస్‌లోనే కొంటాను. అన్నీ డిక్కీలో కాకుండా సగం సీట్ల దగ్గర, సగం వెనక పెడదాం. ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఉప్పు తగ్గి నీరసం వస్తుంది, కాబట్టి అమ్మ తెచ్చిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు లీటరుకి ఒకటి చొప్పున కలిపి ఐస్ బాక్స్‌లో పెడతాను. ఉప్పేసిన మజ్జిగ కూడా.

అమ్మా, శనివారం నీ ఒంటిపూట సంగతి తెలుసు. ఈ ఒక్క వారం వద్దమ్మా. తెల్లవారుజామున పెరుగన్నం తిని బయల్దేరాలి. వచ్చే శనివారం ఉందువు గాని. నాన్నా, మీ బీపీ మాత్రల్లో నీరు పోయే మందు ఉందేమో గుంటూరు డాక్టరుగారిని ఫోన్ చేసి కనుక్కోండి. ఉంటే ఎండలో ఏం చేయాలో ఆయన్నే అడగండి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి.

ఇక టైమింగులు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి వేగస్ నుంచి బయల్దేరి పరంప్‌లో పడుకుంటాం, గంటా పావు ప్రయాణం. వేగస్ నుంచే పొద్దున్నే వెళ్లొచ్చు కదా అని బావ అడిగాడు. వెళ్లొచ్చు, కానీ అర్ధరాత్రి రెండున్నరకి లేవాలి. డ్రైవర్‌కి నిద్ర చాలకపోతే ఎండ కంటే అదే పెద్ద ప్రమాదం. పరంప్‌లోనే ట్యాంక్ నింపి, టైర్లలో గాలి చూపిద్దాం. లోపల పెట్రోల్ దొరుకుతుంది గానీ ధర బాగా ఎక్కువ.

శనివారం మూడున్నరకి లేవడం, నాలుగుంపావుకి కదలడం. ఐదుంపావుకి జబ్రిస్కీ పాయింట్. సూర్యోదయం ఐదున్నర ప్రాంతంలో. పసుపు, గోధుమ రంగు మట్టి గుట్టలు మడతలు మడతలుగా ఉంటాయి, వాటి మీదకి వెలుగు మెల్లగా దిగుతుంది. పార్కింగ్ నుంచి చిన్న నడకే, కాకపోతే ఎక్కుడు. నాన్న నెమ్మదిగా రావచ్చు.

ఆరుంపావుకి అక్కడి నుంచి బ్యాడ్‌వాటర్, నలభై నిమిషాలు. సముద్ర మట్టానికి 86 మీటర్ల కింద, ఉప్పు పేరుకున్న నేల. తూర్పున కొండ నిటారుగా ఉంటుంది కాబట్టి పొద్దున్న కాసేపు దాని నీడ మన మీద ఉంటుంది. అందుకే ముందు అక్కడికి. తల ఎత్తి చూస్తే కొండ మీద ఎక్కడో పైన సముద్ర మట్టం ఇక్కడ అని బోర్డు కనిపిస్తుంది, చిన్నికి చూపించాలి. ఉప్పు మీద నడక పదిహేను నిమిషాలే. నీడ వెనక్కి జరగడం మొదలైతే ఫొటో మధ్యలో ఉన్నా కారెక్కేయాలి.

వెనక్కి వచ్చేటప్పుడు ఆర్టిస్ట్స్ డ్రైవ్, తొమ్మిది మైళ్ల వన్ వే. రంగు రంగుల కొండలు, కారులోంచే చూద్దాం. ఎనిమిదిన్నరకి ఫర్నేస్ క్రీక్ విజిటర్ సెంటర్: బాత్రూమ్, ఖాళీ సీసాలు నింపుకోవడం, బయట ఉన్న టెంపరేచర్ బోర్డు దగ్గర ఒక్క ఫొటో. తొమ్మిదింటికి కదిలితే పదికల్లా డాంటేస్ వ్యూ మీద ఉంటాం. అది బ్యాడ్‌వాటర్‌కి నేరుగా మైలు పైన, 1,669 మీటర్ల ఎత్తు. కింద కంటే ఎనిమిది నుంచి పధ్నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది. పులిహోర అక్కడ తిందాం. చివర్లో రోడ్డు బాగా నిటారు, ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ కాసేపు ఆపాల్సి రావచ్చు, అప్పుడు కిటికీలు దించుదాం. పదిన్నరకి దిగి, మధ్యాహ్నం పన్నెండుకి పరంప్.

పది దాటాక లోయలో నడక ఏదీ లేదు. అక్కా, గోల్డెన్ కాన్యన్, ఇసుక దిబ్బలు రెండూ నీ లిస్టులో ఉన్నాయి, అవి డిసెంబర్‌లో చూద్దాం. 2024 జూలైలో బెల్జియం టూరిస్టు ఒకాయన ఆ ఇసుకలో చెప్పులు పోగొట్టుకుని పాదాలు ఘోరంగా కాల్చుకున్నాడు. అంత వేడికి గాలి పల్చబడి హెలికాప్టర్ లోయలోకి రాలేక, ఆయన్ని అంబులెన్సులో ఎత్తు ప్రదేశానికి తీసుకెళ్లి అక్కడ ఎక్కించారు. అందరూ షూస్ వేసుకోండి, నాన్నా మీరు కూడా. పొడుగు చేతుల కాటన్ చొక్కాలు, టోపీలు.

ఎవరికైనా కాళ్లు పట్టేసినా, తల తిరిగినా, కడుపులో వికారమనిపించినా వెంటనే చెప్పండి. ట్రిప్ పాడవుతుందని ఓర్చుకోవద్దు. ఏసీలో కూర్చోబెట్టి, బట్టలు తడిపి, మెడకీ చంకల్లోనూ ఐస్ పెడతాం. మాట తడబడినా, ఎక్కడున్నామో తెలియనట్టు మాట్లాడినా అది వడదెబ్బ. 911కి చేయాలి, స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు. లోయలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, అందాక ఫర్నేస్ క్రీక్ వైపు పోనిస్తూ ఐస్ పెడుతూనే ఉండాలి. కారు ఆగిపోతే బానెట్ ఎత్తి కారు దగ్గరే ఉందాం. సాయం కోసమని ఎవరూ నడిచి వెళ్లకూడదు.

శనివారం డ్రైవింగ్ మొత్తం దాదాపు ఐదు గంటలు. పొద్దున్న బావ, ఫర్నేస్ క్రీక్ నుంచి నేను. మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటాను, మట్టి రోడ్డు షార్ట్‌కట్ చూపించినా వెళ్లం. శుక్రవారం వాతావరణం చూసి ఎక్స్‌ట్రీమ్ హీట్ వార్నింగ్ ఉంటే బ్యాడ్‌వాటర్, ఆర్టిస్ట్స్ డ్రైవ్ మానేసి, జబ్రిస్కీ చూసుకుని నేరుగా పైకి పోదాం. ఈ విషయంలో బతిమాలినా వినను.

బావా, ఏడు సీట్ల బండి నీ పేరు మీదే ఉంది కదా. తీసుకునేటప్పుడు స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో డిక్కీ తెరిచి నీ కళ్లతో చూడు. నాన్నా, డాక్టరుగారు ఏమన్నారో బుధవారంలోగా చెప్పండి.