విషయం: నవంబర్ 3 నుంచి శ్రావణి పనివేళలు, టూల్స్, మాట్లాడుకునే పద్ధతి

రమేష్ గారూ, నమస్తే.

నేను అనురాధని, డాలస్‌లో బిల్లింగ్ ప్రాజెక్ట్ లీడ్‌ని. మీ టెస్టింగ్ గ్రూపు నుంచి శ్రావణి సోమవారం, నవంబర్ 3న మా టీమ్‌లోకి వస్తున్నారు. రాజమండ్రిలో ఇంటి నుంచే పనిచేస్తారని హెచ్‌ఆర్ చెప్పారు. మీకు ఒక మాట, నాకు ఒక మాట చెప్పుకోవాల్సిన పరిస్థితి తనకు రాకుండా, కొన్ని విషయాలు మనం ముందే అనుకుంటే మంచిది.

పనివేళలు మీ టైమ్ ప్రకారం ఉదయం 11:30 నుంచి రాత్రి 8:30 వరకు, మధ్యలో గంట భోజనానికి. రోజూ 7:30కి అందరం కలిసే కాల్ ఉంటుంది. నవంబర్ 2న ఇక్కడ గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. లెక్క ప్రకారం కాల్ మీకు 8:30కి పడాలి. ఇండియాలో ఉన్నవాళ్ల రాత్రిపూట ఇంకో గంట తినడం న్యాయం కాదు కాబట్టి, మేమే 9కి బదులు 8 గంటలకు కూర్చుంటాం. మార్చిలో మళ్లీ మారినా మీ 7:30 కదలదు. 8:30 దాటాక వచ్చిన మెసేజ్‌కి మర్నాడు జవాబిస్తే చాలు. నెలలో ఒక రిలీజ్ రోజు మాత్రం రాత్రి 10:30 దాకా ఉండాలి. మర్నాడు పని మధ్యాహ్నం 1:30కి మొదలుపెట్టొచ్చు. దీనికి మీ ఒప్పుదల కావాలి.

పని కేటాయింపు జిరాలో, మాటామంతీ టీమ్స్‌లో. వీపీఎన్ అకౌంట్‌కి నేను రిక్వెస్ట్ పెట్టాను. మీ వైపు అప్రూవల్ ఆగి ఉంది. అది రాకపోతే మొదటి రోజంతా తను ఖాళీగా కూర్చోవాలి. ల్యాప్‌టాప్ మీరే పంపుతున్నారా?

సందేహాలు నాకు విడిగా కాకుండా టీమ్ ఛానెల్‌లోనే అడగమనండి, జవాబు అందరికీ పనికొస్తుంది. అరగంట తల బద్దలు కొట్టుకున్నా దారి దొరక్కపోతే అడిగేయడమే, మొహమాటం వద్దు. కాల్‌లో తెలుగు దొర్లినా పర్లేదు గానీ, బగ్ వివరాలు ఇంగ్లీషులోనే రాయాలి. ఇక్కడ ఇద్దరికి తెలుగు రాదు. "పేమెంట్ పనిచేయట్లేదు" అని వదిలేయకుండా ఏ స్క్రీన్‌లో, ఏది నొక్కితే, ఏం వచ్చిందో స్క్రీన్‌షాట్‌తో పెట్టాలి. కరెంటో నెట్టో పోతే ఫోన్ నుంచి ఒక్క ముక్క చాలు, సంజాయిషీ అక్కర్లేదు. కెమెరా ఆన్ చేయాలన్న పట్టింపు కూడా మాకు లేదు.

రోజువారీ పని నేను చూస్తాను. సెలవులు, అప్రైజల్ మీవే. సెలవు మీరు ఓకే చేశాక నాకూ ఒక కాపీ వస్తే చాలు. సంక్రాంతికి మీ సెలవుల పట్టికే వర్తిస్తుంది. నవంబర్ 27న థ్యాంక్స్‌గివింగ్‌కి మేం ఉండం, ఆ రోజు కాల్ ఉండదు.

వీపీఎన్ అప్రూవల్, ల్యాప్‌టాప్ సంగతి, రిలీజ్ రోజుపై మీ అభిప్రాయం అక్టోబర్ 30, గురువారంలోగా చెప్పగలరా? అవి తేలాక శ్రావణికి ఇవే వివరాలు, మీకు కాపీ పెట్టి పంపుతాను.

ఇట్లు,
అనురాధ